విసర్జన పాఠం: పదకొండు పేజీల నోట్సు నుండి ఒక పేజీ మైండ్ మ్యాప్

పదో తరగతి విద్యార్థులకు,

గుంటూరు బ్రాడీపేటలోని మన ట్యూషన్‌లో గత వారం నాలుగు రోజులు విసర్జన పాఠం చెప్పుకున్నాము. మీలో ఒక అమ్మాయి రాసుకున్న పదకొండు పేజీల నోట్సును, ఆమె అంగీకారంతో, ఒక్క పేజీ మైండ్ మ్యాప్‌గా మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా కొత్త కాగితం ముట్టుకోలేదు. నోట్సులోని ప్రతి పేరా పక్కన, అది ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నదో పెన్సిలుతో రాసుకుంటూ వెళ్లాను. మధ్య గడిలో మొదట "విసర్జన" అనే రాయాలనిపించింది, ఎందుకంటే పాఠం పేరు అదే. కానీ అలా రాస్తే అమీబాలోని సంకోచ రిక్తిక, బొద్దింకలోని మాల్పీజియన్ నాళికలు, మొక్కల జిగురులు, రెజిన్లు కూడా ప్రధాన శాఖలుగా వచ్చి కూర్చుంటాయి, నోట్సులో వాటికి దక్కింది పేజీన్నర మాత్రమే. "మూత్రపిండం" అని రాస్తే అది భాగాల పేర్లు గుర్తించిన బొమ్మగానే మిగులుతుంది. బొమ్మ మీ పుస్తకంలో ఇప్పటికే ఉంది. పెన్సిలు గుర్తులు లెక్కపెట్టి చూస్తే ఎనిమిది పేజీలు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నాయి. అందుకే మధ్య గడిలో "రక్తం నుండి మూత్రం ఎలా ఏర్పడుతుంది?" అని రాశాను. ఇతర జీవులూ మొక్కలూ వేరే కాగితానికి వెళ్లాయి.

ప్రధాన శాఖలు ఐదు. మొదటిది "తీసివేయవలసినవి": ప్రోటీన్ల విచ్ఛిన్నంలో వచ్చే అమ్మోనియా కాలేయంలో యూరియాగా మారి రక్తంలో చేరుతుంది కనుక, కాలేయాన్ని ఈ శాఖపైనే ఉంచాను. రెండవది "మార్గం": వృక్క ధమని, నెఫ్రాన్, సంగ్రహణ నాళం, మూత్రనాళం, మూత్రాశయం, ప్రసేకం, ఈ వరుసలోనే బాణం గుర్తులతో. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయన్న అంకె నెఫ్రాన్ పక్కనే ఉంది.

మూడవ శాఖ "నెఫ్రాన్‌లో జరిగే పని" దగ్గర నేను ఎక్కువసేపు ఆగవలసి వచ్చింది. నోట్సు మూడో పేజీలో నెఫ్రాన్ భాగాలు, ఆరో పేజీలో మూత్రం ఏర్పడే దశలు విడివిడిగా ఉన్నాయి, ఎందుకంటే నేను వాటిని వేర్వేరు రోజుల్లో చెప్పాను. ఆ వరుస నా సౌకర్యం కోసం ఏర్పడినదే తప్ప విషయానికి చెందినది కాదు. కాబట్టి భాగాలకు వేరే శాఖ ఇవ్వకుండా ప్రతి దశ పక్కన దాని చోటు రాశాను: గుచ్ఛగాలనానికి బౌమన్ గుళిక, వరణాత్మక పునఃశోషణానికి ముఖ్యంగా సమీపస్థ సంవళిత నాళం, నాళికా స్రావానికి ముఖ్యంగా దూరస్థ సంవళిత నాళం, మూత్రం గాఢత చెందడానికి హెన్లీ శిక్యం, సంగ్రహణ నాళం. రోజుకు సుమారు 180 లీటర్ల గాలిత ద్రవం ఏర్పడినా బయటకు వెళ్లేది ఒకటిన్నర లీటరు ప్రాంతమే కాబట్టి, ఈ రెండు అంకెలనూ పునఃశోషణం గీత పైన ఎదురెదురుగా రాశాను. ఆ తేడాయే ఆ దశకు నిర్వచనం.

గీతల మీద వాక్యాలు రాయలేదు. "అభివాహి ధమనిక అపవాహి ధమనిక కన్నా వెడల్పుగా ఉండటం వల్ల రక్తకేశనాళికా గుచ్ఛంలో పీడనం పెరిగి గాలనం జరుగుతుంది" అన్న నోట్సు వాక్యం మ్యాప్‌లో "వెడల్పు తేడా → పీడనం → గాలనం" అయింది. కారణం నుండి ఫలితానికి బాణం ఉన్నంతవరకు పరీక్షలో పూర్తి వాక్యాన్ని మీరే తిరిగి కట్టగలరు. గ్లూకోజు మాత్రం చిన్న చిక్కు తెచ్చింది: నోట్సులో అది "వ్యర్థాలు" పట్టికలో ఉంది. ఆరోగ్యవంతునిలో గాలనమైన గ్లూకోజు దాదాపు పూర్తిగా తిరిగి రక్తంలో చేరుతుంది కనుక దానిని మొదటి శాఖ నుండి తీసి పునఃశోషణం కిందకు మార్చాను. ఆ పొరపాటు పేజీల్లో కనబడలేదు, శాఖ ఎంచుకునేటప్పుడే బయటపడింది.

నాలుగవ శాఖ "నియంత్రణ". ఇందులో వాసోప్రెస్సిన్, ఆల్డోస్టెరాన్ ఉన్నాయి. మే నెల గుంటూరు ఎండలో చెమట పట్టి, నీళ్లు సరిగా తాగని రోజున మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో రావడానికి వాసోప్రెస్సిన్ కారణమవుతుంది. అది దూరస్థ సంవళిత నాళంలోనూ సంగ్రహణ నాళంలోనూ నీటి పునఃశోషణాన్ని పెంచుతుంది. అందువల్ల దీని నుండి మూడవ శాఖలోని గాఢత దశకు చుక్కల గీత గీశాను. ఐదవది "పని ఆగితే": రక్తంలో యూరియా చేరడం, డయాలసిస్, మూత్రపిండ మార్పిడి. ఇది చిన్న శాఖ, చిన్నగానే ఉంచాను. దీని చివర నుండి మొదటి శాఖలోని యూరియా వరకు మరొక చుక్కల గీత ఉంది, పేజీ అంచు మీదుగా.