ప్రాజెక్టు పనికి ల్యాబ్ సమయం పొడిగించమని విభాగాధిపతికి విన్నపం

భీమవరం,
9 ఫిబ్రవరి 2026

సివిల్ ఇంజనీరింగ్ విభాగాధిపతి గారికి,

విషయం: ఫిబ్రవరి 16 నుంచి మార్చి 28 వరకు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో సాయంత్రం 7:30 దాకా, ఆదివారం ఉదయం ఒక గంట పని చేసుకోవడానికి అనుమతి కోరుతూ.

గౌరవనీయులైన సార్‌కి నమస్కారం.

నేను బీటెక్ నాలుగో సంవత్సరం విద్యార్థినిని. మా బ్యాచ్‌లో ముగ్గురం స్లో శాండ్ ఫిల్టర్ మీద ప్రాజెక్టు చేస్తున్నాం. మొదటి రివ్యూలో మీరు అడిగిన ప్రశ్న మాకు గుర్తుంది: "ఫిల్టర్ గీకిన తర్వాత ఎన్ని రోజులకి నీళ్ళు తాగడానికి పనికొస్తాయో తేల్చగలరా?" అని. అది తేల్చాలనే ఈ లెటర్ రాస్తున్నాను.

మాది మొగల్తూరు దగ్గర కాలువ చివరి ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు కాబట్టి, ఆ లోపే మంచినీళ్ళ చెరువు నింపుకుని వేసవంతా ఆ నీళ్ళే ఫిల్టర్ బెడ్ మీంచి పంపి వాడుకుంటాం. బెడ్ మూసుకుపోయినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకేస్తారు. ఆ మర్నాడే కొళాయిలు వదిలేస్తారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఇసుక పైపొరలో పెరిగే సూక్ష్మజీవులే నీటిని శుభ్రం చేస్తాయనీ, గీకితే ఆ పొర పోతుందనీ, మళ్ళీ పెరిగేదాకా ఆ నీళ్ళు వదలకూడదనీ మూడో సంవత్సరంలో చదివినప్పుడే నాకు తెలిసింది. మన కాలువ నీటికి, మన ఇసుకకి ఆ ఆగాల్సిన రోజులు ఎన్నో చెప్పాలని మా కోరిక.

ల్యాబ్‌లో కిటికీ పక్కన ఆరంగుళాల పీవీసీ పైపుతో కాలమ్ కట్టుకున్నాం. గంటకి 0.1 మీటర్ వేగంతో నడిపితే గంటకి సుమారు 1.8 లీటర్ల నీళ్ళు పడుతుంది. ఉండి ఊరి నుంచి వచ్చే మా స్నేహితుడు రోజూ బైక్ మీద రెండు క్యాన్లు, ఒక చిన్న డబ్బా నిండా కాలువ నీళ్ళు తెస్తున్నాడు. ముందు పైన 20 లీటర్ల బకెట్ పెట్టాం. సాయంత్రం 5కి నింపి వెళ్తే తెల్లవారుజామున నాలుగుకే అయిపోయేది. సంక్రాంతి సెలవులకి ముందు ఎంత నింపినా లాభం లేకపోయింది. జనవరి 19న వచ్చి చూస్తే పారకం ఎప్పుడో ఆగిపోయి ఉంది. అవుట్‌లెట్ ఇసుక కంటే ఎత్తులో పెట్టడం వల్ల ఇసుక ఎండలేదు గానీ, నిలిచిన నీటిలో ఆక్సిజన్ అందక పొర చచ్చిపోయింది. కుళాయి తిప్పగానే బీకరులోకి కుళ్ళు వాసన వచ్చింది. మూడు వారాల పని పోయింది సార్.

తర్వాత 50 లీటర్ల డ్రమ్ము పెట్టాం. ఇప్పుడు మామూలు రాత్రులకి ఇబ్బంది లేదు, అందుకే రాత్రి పూట అనుమతి అడగడం లేదు. శనివారం సాయంత్రం 5 నుంచి సోమవారం ఉదయం 9:30 దాకా మాత్రం దాదాపు 73 లీటర్లు కావాలి. డ్రమ్ము ఆదివారం రాత్రి 9కే ఖాళీ అవుతోంది. వాల్వు తగ్గించి చూశాం. అప్పుడు వేగం మారిపోయి సోమవారం ఫలితాన్ని మిగతా రోజులతో పోల్చడానికి వీలు లేకుండా పోయింది. ఆదివారం ఉదయం ఒక గంట తలుపు తీస్తే చాలు, డ్రమ్ము నింపేసి వెళ్ళిపోతాం. మార్చి 19 ఉగాది రోజు కూడా అంతే. పండగ పూట స్టాఫ్‌ని ఇబ్బంది పెట్టకుండా, మీరు సరేనంటే వాచ్‌మన్ గారి దగ్గర తాళం తీసుకుని రిజిస్టర్‌లో సంతకం పెడతాం.

సాయంత్రాల సంగతి వేరు. ఉదయం మాకు క్లాసులు, మధ్యాహ్నం ల్యాబ్‌లో మూడో సంవత్సరం వాళ్ళు. మాకు బల్ల దొరికేది 4:30కి, 5కి కరెంటు మెయిన్ కట్టేస్తారు. కోలిఫారం టెస్టుకి ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉండాలి. వేడెక్కడానికీ, ప్రెషర్ దిగడానికీ కలిపి గంట దాటుతుంది. అప్పుడు గానీ ట్యూబుల్లో శాంపిల్ వెయ్యలేం. జనవరి ఆఖర్లో ఒకరోజు 5 అయినా ప్రెషర్ దిగలేదు. మధ్యలో తెరిస్తే ప్రమాదమని ల్యాబ్ అసిస్టెంట్ గారు మాతో పాటు 6:15 దాకా ఉండిపోయారు. ఆయన బస్సు పోయింది. మా పని కోసం ఇంకోసారి ఆయన అలా ఇబ్బంది పడకూడదు. అందుకే నోటి మాటగా కాకుండా రాతపూర్వకంగా అడుగుతున్నాను.

టెస్టు మొదలెట్టాక 24 గంటలకీ, 48 గంటలకీ ట్యూబులు చూడాలి. ఊదా రంగు ద్రావణం పసుపుకి తిరిగిందా, లోపలి చిన్న గొట్టంలో గాలి బుడగ నిలిచిందా అన్నది ఆ వేళకే రాసుకోవాలి. సోమవారం, బుధవారం టెస్టులు పెడతాం, ఆ రెండు రోజులూ 7:30 దాకా పని ఉంటుంది. మంగళ, గురు, శుక్రవారాల్లో రీడింగుకి అరగంట చాలు, 7 లోపు వెళ్ళిపోతాం. ఇంక్యుబేటర్‌కి విడి లైన్ ఉంది కాబట్టి మెయిన్ కట్టేసినా దానికేం కాదు.

మార్చి 8 నాటికి పొర మళ్ళీ సిద్ధమవుతుందని మా అంచనా. ఆ రోజు గీకి, మర్నాటి నుంచి కోలిఫారం, టర్బిడిటీ వరసగా చూస్తాం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టర్బిడిటీ 1 ఎన్‌టీయూ దాటకూడదు, వేరే నీటి వనరు లేకపోతే 5 దాకా ఒప్పుకుంటారు. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై అసలు కనిపించకూడదు. ఫిల్టర్ ఒక్కటే ఆ చివరి మాట నిలబెట్టలేదని మాకు తెలుసు, తర్వాత క్లోరిన్ ఉండాల్సిందే. కానీ గీకిన మొదటి రోజు నీటికీ, పదో రోజు నీటికీ తేడా ఎంతో అంకెల్లో చూపించాలి. మార్చి దాటితే కాలువ నీళ్ళు దొరుకుతాయన్న నమ్మకం లేదు. ఈ ఆరు వారాలే మాకు ఉన్నవి.

ఆటోక్లేవ్ వాడే సోమ, బుధవారాల్లో మా గైడ్ మేడం చివరిదాకా ఉంటానని చెప్పారు, వారి సంతకం జత చేశాను. మిగతా రోజుల్లో ఆటోక్లేవ్ జోలికి వెళ్ళం, ఇద్దరికి తక్కువ లేకుండా ఉంటాం. కాలేజీ బస్సు 5:15కే వెళ్ళిపోతుంది కనుక నేను హాస్టల్‌లో ఉంటున్నాను. 7:45 లోపు వస్తే అభ్యంతరం లేదని వార్డెన్ మేడం అన్నారు. మిగతా ఇద్దరి ఇళ్ళ నుంచీ, మా నాన్నగారి నుంచీ అంగీకార పత్రాలు కూడా ఇందులో ఉన్నాయి. వెళ్ళేటప్పుడు గ్లాస్‌వేర్ కడిగి, పాజిటివ్ వచ్చిన ట్యూబులు స్టెరిలైజ్ చేసే దాకా విడిగా మూతపెట్టి, కరెంటు, తాళం చూసుకుని వెళ్తాం.

అన్ని రోజులూ కుదరకపోతే సోమ, బుధవారాలూ ఆదివారం గంటా అయినా ఇప్పించండి సార్. రీడింగుల సంగతి గైడ్ మేడంతో మాట్లాడి ఏదో విధంగా సర్దుకుంటాం. ఆదివారం గంట మాత్రం లేకపోతే కాలమ్ నిలవదు.

శుక్రవారం లోపు మీ నిర్ణయం తెలిస్తే 16 నుంచి మొదలుపెడతాం. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు ముగ్గురం వచ్చి కలుస్తాం.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. లావణ్య
బీటెక్ నాలుగో సంవత్సరం, సివిల్, బ్యాచ్ 7

జతపరచినవి: గైడ్ గారి అంగీకారం, తల్లిదండ్రుల పత్రాలు మూడు, ఆరు వారాల పని పట్టిక.