పండగ సేల్ రేడియో స్పాట్: "కదలకు తాతయ్యా" (30 సెకన్లు)

క్లయింట్: మూడు మెట్ల ఫర్నిచర్ షాపు. బోర్డు మీద ఇంకో పేరుంది. దాన్ని వాడటం లేదు, కారణం కింద రాశాను.
ప్రసారం: బుధవారం పొద్దున నుంచి ఆదివారం సాయంత్రం దాకా.
గొంతులు: మనవరాలు (ఎనిమిదేళ్లు), తాత, నానమ్మ, వాచకుడు.
మాటలు 54. ఫైలు 30 సెకన్లు దాటకూడదు. 29న్నరకి ముగిస్తే స్టేషన్ వాళ్లు తోక కోయకుండా ఉంటారు. ఈ స్పాట్‌కి ప్రాణం తోకలోనే ఉంది.

మెయిన్ స్పాట్

0 నుంచి 8 సెకన్లు

(చప్పుడు: కిర్ర్ర్ర్... మెల్లగా, సాగదీసి. సంగీతం లేదు.)

మనవరాలు (గుసగుసగా): తాతయ్యా, కదలకు!

తాత (అదే గుసగుసలో): కదల్లేదే! ఊపిరి తీసుకున్నా.

(చప్పుడు: కిర్ర్ర్, ఈసారి పొట్టిగా.)

నానమ్మ (దూరంగా, వంటింట్లోంచి): ఎవరే తలుపు తీసిందీ?

మనవరాలు (గట్టిగా): తలుపు కాదు నానమ్మా, తాతయ్య మంచం!

8 నుంచి 26 సెకన్లు

(సన్నాయి, డోలు. తక్కువ సౌండులో, మాటల కింద.)

వాచకుడు: పండక్కి చుట్టాలొస్తున్నారు. మంచం మార్చండి. మూడు మెట్ల ఫర్నిచర్ షాపులో పండగ సేల్! మంచం, సోఫా, బీరువా, ఏది కొన్నా రూపాయికి పావలా తగ్గింపు. పాతది మేమే తీసుకెళ్తాం. ఆర్డరిచ్చి చేయించుకునే సామానుకు తగ్గింపు లేదు. ఈ ఆదివారం రాత్రి తొమ్మిదింటి దాకానే. మూడు మెట్ల షాపు. గడియార స్తంభం ఎదురుగా.

26 నుంచి 29న్నర సెకన్లు

(సంగీతం టక్కున ఆగుతుంది. నిశ్శబ్దం, ముప్పావు సెకను. మంచం చప్పుడు లేదు.)

నానమ్మ (దూరంగా, కాస్త కంగారుగా): ఏమండీ... ఇంట్లోనే ఉన్నారా?

తాత (హాయిగా, నిద్రమత్తులో): నిద్రపోతున్నానే!

రికార్డింగ్ గదిలో చూసుకోవాల్సినవి

మొదటి కిర్రు దగ్గరే సగం పని అయిపోతుంది. అది విన్నవాళ్లు కూడా ముందు తలుపే అనుకోవాలి. అప్పుడే నానమ్మ మాట నవ్వొస్తుంది. అలాగని ఎఫెక్టుల లైబ్రరీలోంచి "డోర్ క్రీక్" తీసి పెట్టకండి, అది దెయ్యాల బంగళా తలుపులా ఉంటుంది. నేను నిన్న రాత్రి ఇంట్లో వెనక కాలు వదులైన చెక్క కుర్చీతో ప్రయత్నించాను. మైకుని కాలు, సీటు కలిసే అతుకు దగ్గర జానెడు దూరంలో పెట్టి, బరువుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చాలా మెల్లగా మార్చాలి. తొందరపడితే "టక్" అంటుంది. మెల్లగా వంగితే అరిగిన చెక్క పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని "కిర్ర్ర్" అని సాగుతుంది. నాకు కావాల్సింది ఆ సాగుడే. కుర్చీ స్టూడియోకి పంపిస్తున్నాను. దయచేసి ఎవరూ దాని మీద కూర్చుని టీ తాగొద్దు, ఇంకాస్త వదులైతే పనికిరాదు.

నానమ్మ గొంతుని మైకు దగ్గర చెప్పించి తర్వాత సౌండు తగ్గించడం వద్దు. చిన్నగా చెప్పినట్టుంటుంది తప్ప దూరంగా ఉన్నట్టుండదు. గది తలుపు తీసి, ఆవిడని బయట వరండాలో నిలబెట్టి, నిజంగానే కేకేయమనండి. తాత, మనవరాలు మాత్రం మైకుకి దగ్గరగా. ఈ రెండు దూరాల వల్లే వినేవాడికి ఇల్లు కనిపిస్తుంది. గుసగుస కూడా గొంతుతో కూడిన గుసగుసగా ఉండాలి. ఉత్త గాలి గుసగుస రోడ్డు మీద ఆటోలో వినబడదు.

"రూపాయికి పావలా తగ్గింపు" ఒకే ఊపిరిలో రావాలి. "పావలా" తర్వాత ఆగితే జనం చెవికి వెంటనే తోచేది వడ్డీ. పావలా వడ్డీ అన్న మాట మనవాళ్లకి అంత అలవాటు. "మంచం వాయిదాల మీద ఇస్తున్నారట" అని ఎవరైనా షాపుకొస్తే తప్పు మనదే. ఓనర్‌గారు "ఇరవై అయిదు శాతం" అనమన్నారు. కాగితం మీద అది బాగానే ఉంటుంది. చెవికి శాతం ఒక లెక్క, పావలా ఒక నాణెం. పావలా చెలామణి 2011లోనే ఆగిపోయింది కదా, కుర్రాళ్లకి తెలుస్తుందా అని కూడా అడిగారు. నాణెం పోయింది కానీ మాట పోలేదు. అయినా అనుమానం ఉంటే "నాలుగో వంతు తగ్గింపు" అని ఇంకో టేకు తీసి పెట్టండి. బిల్లు మీద మాత్రం రెంటిలో ఏది చెప్పినా 25 శాతమే పడాలి. ముందు ధర పెంచి తర్వాత తగ్గించడం ఉండదని ఆయన ఒప్పుకున్నారు.

"ఆర్డరిచ్చి చేయించుకునే సామానుకు తగ్గింపు లేదు" అన్న వాక్యం ఎవరికీ ఇష్టం లేదు, నాకు తప్ప. చివర్లో "షరతులు వర్తిస్తాయి" అని గుక్క తిప్పుకోకుండా అనేస్తే అయిపోతుంది కదా అన్నారు. ఉన్న షరతు ఒక్కటే. దాన్ని చెప్పడానికి రెండున్నర సెకన్లు చాలు. వేగం పెంచకుండా, గొంతు తగ్గించకుండా, పక్క వాక్యాలతో సమానంగా చదవండి. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉందో షరతు కూడా అదే భాషలో ఉండాలి. కాబట్టి ఇంగ్లీషులో తోసేసే మాటే లేదు. సరుకు లేకుండా పిలవడం కూడా వాటి ప్రకారం కుదరదు. అందుకే మూడే పేర్లు చెప్పాను: మంచం, సోఫా, బీరువా. గోడౌన్‌లో నిండా ఉన్నవి ఇవే. డైనింగ్ టేబుళ్లు నాలుగే మిగిలాయి, వాటిని రేడియోలో పిలవడం లేదు.

"టేకు" అన్న మాట కూడా తీసేశాను. వాళ్ల దగ్గర కొన్ని మంచాలు పూర్తి టేకు, కొన్ని ప్లైవుడ్ మీద టేకు వెనీర్, అంటే పల్చటి టేకు పొర. ఈ తేడా ముప్పై సెకన్లలో చెప్పలేం. చెప్పకుండా "టేకు మంచాలు" అంటే మోసం. అది సేల్స్‌మన్ మంచాన్ని చూపించి చెప్పాల్సిన మాట.

ఫోన్ నంబరు లేదు. బండి నడిపేవాడు పది అంకెలు రాసుకోడు, వంటింట్లో ఉన్నవాళ్ల చేతులు తడిగా ఉంటాయి. పేరు విషయంలోనూ అంతే. బోర్డు మీది పేరు ఓనర్‌గారి తాతగారిది, అయిదక్షరాలకి మించి ఉంది. ఆ పేరుతో ఊళ్లో ఇంకో రెండు షాపులున్నాయి. ఆటోవాడు మాత్రం "మూడు మెట్ల షాపేనా?" అంటాడు. చెవికి మెట్లు కనిపిస్తాయి, గడియార స్తంభం కనిపిస్తుంది. దారి దొరికినట్టే.

సంగీతం: సినిమా పాట బాణీ వద్దు. హక్కులు కొనే బడ్జెట్ లేదు. కొనకుండా "కొంచెం పోలికగా" వాయించే పని నేను చెప్పను. సన్నాయి మీద నాలుగు స్వరాల సొంత ముక్క చాలు. డోలు అడుగు దరువు చిన్న స్పీకర్లో వినబడదు, దాని మీద ఆధారపడకండి. మిక్స్ అయ్యాక మామూలు ఫోన్ స్పీకర్లో, మోనోలో ఒకసారి వినిపించండి. కిర్రు బాగా వినబడుతూ, వాచకుడి ఒక్క మాట కూడా మునగకపోతే సరే. బండి హారన్లు, సైరన్లు ఎక్కడా వద్దు. డ్రైవింగ్‌లో ఉన్నవాళ్లు ఉలిక్కిపడతారు.

చివరి నిశ్శబ్దాన్ని ఎవరూ "నింపకండి". పూర్తి సున్నా కూడా పెట్టకండి. అదే గదిలో రికార్డు చేసిన ఖాళీ గాలి చప్పుడు పెట్టండి. లేకపోతే స్పాట్ అయిపోయిందనుకుని వినేవాళ్లు స్టేషన్ మార్చేస్తారు.

మార్పు కోసం రెండో స్పాట్: "ఎడమకి" (30 సెకన్లు)

శుక్రవారం నుంచి మెయిన్ స్పాట్‌తో మార్చి మార్చి వేయాలి. ఒకే జోకు మూడు రోజులు వింటే చిరాకొస్తుంది.

(చప్పుడు: ఇద్దరు బరువు మోస్తున్న ఆయాసం, నేల మీద చెప్పుల రాపిడి.)

మొదటి కూలీ: కొంచెం ఎడమకి... ఎడమకి...

రెండో కూలీ: నీ ఎడమా, నా ఎడమా?

(చప్పుడు: ఠక్!)

ఇల్లాలు: అయ్యో, గోడ!

మొదటి కూలీ (సర్దిచెబుతూ): బీరువా బాగుందమ్మా. గుమ్మమే చిన్నది.

(సన్నాయి, డోలు.)

వాచకుడు: మీ గుమ్మం కొలిచాకే బీరువా పంపుతాం. మూడు మెట్ల ఫర్నిచర్ షాపులో పండగ సేల్! బీరువా, మంచం, సోఫా, ఏది కొన్నా రూపాయికి పావలా తగ్గింపు. ఆర్డరిచ్చి చేయించుకునే సామానుకు తగ్గింపు లేదు. ఈ ఆదివారం రాత్రి తొమ్మిదింటి దాకానే. మూడు మెట్ల షాపు. గడియార స్తంభం ఎదురుగా.

(సంగీతం ఆగుతుంది.)

ఇల్లాలు: అన్నట్టు... పాత బీరువా బయటికెలా వెళ్తుంది?

(చప్పుడు: ఠక్!)

"గుమ్మం కొలిచాకే" అన్న హామీ నేను కల్పించింది కాదు. డెలివరీ కుర్రాడు ముందు రోజు టేపు పట్టుకుని ఇంటికి వెళ్తాడట. ఇంత మంచి సంగతిని ఓనర్‌గారు ఇచ్చిన పదకొండు పాయింట్ల కాగితంలో ఎక్కడా రాయలేదు. టీ తాగుతూ మాటల్లో చెప్పారు. కూలీలు షాపువాళ్లు కాదు, వేరేవాళ్లు. ఆ సంగతి గొంతుల్లో తెలియాలి, లేకపోతే మన షాపువాళ్లే గోడ పగలగొట్టినట్టుంటుంది.

ఆదివారం ఆర్జే చదవడానికి (30 సెకన్లు, ఒకే గొంతు, సంగీతం లేకుండా)

పాట అయిపోగానే, మామూలుగా మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టాలి. గడియారం చూసి టైము చెప్పాక ఇది:

"ఇవాళ ఆదివారం. సోఫాలో పడుకుని ఈ రేడియో వింటున్నవాళ్లు ఒక్కసారి లేచి చూడండి. మధ్యలో గుంట పడిందా? అది మీ తప్పు కాదు, సోఫా వయసు. మూడు మెట్ల ఫర్నిచర్ షాపులో పండగ సేల్ ఇవాళ్టితో ఆఖరు. రూపాయికి పావలా తగ్గింపు. ఆర్డరిచ్చి చేయించుకునే సామానుకు మాత్రం లేదు. పాత సోఫా వాళ్లే తీసుకెళ్తారు. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించేస్తారు. గడియార స్తంభం ఎదురుగా, మూడు మెట్లెక్కితే చాలు. ఈలోపు... ఇంకో పాట. పడుకునే వినండి."

"పడుకునే వినండి" తర్వాత ఒక్క మాట కూడా కలపొద్దు. నేరుగా పాట.