బండ మార్చేటప్పుడు అగ్గిపుల్ల వద్దు, సబ్బునీళ్లు చాలు

(వంటింటి గట్టు. కింద కొత్త గ్యాస్ బండ నిలబెట్టి ఉంది. పక్కన చిన్న గిన్నె, పాత షేవింగ్ బ్రష్. కెమెరా ముందు ఒకావిడ, వెనక కుర్చీలో వదిన.)

నమస్తే అండీ. పొద్దున్నే మా ఇంటికి కొత్త బండ వచ్చింది. మా వదినకి బండ మార్చాలంటే టెన్షన్, అందుకే ఎప్పుడూ పక్కింటి అబ్బాయిని పిలుస్తుంది. ఈరోజు ఆవిడ చేతే బిగిస్తాం.

"నా చేతా? నువ్వు పక్కనే ఉంటావుగా?"

ఉంటాను వదినా. ముందు ఇటు చూడండి.

(బండ పైభాగం, హ్యాండిల్ కింద పట్టీ దగ్గరగా.)

ఇక్కడ 'సి 28' అని ఉంది కదా. ఈ బండకి మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు అది. ఎ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబర్, డి డిసెంబర్. అంటే 2028 సెప్టెంబర్ దాకా పర్వాలేదు. గడువు దాటిన బండని గుమ్మం దగ్గరే వెనక్కి పంపేయండి. సీలు, బరువు కూడా తెచ్చినతను ఉండగానే చూసుకోవాలి.

(దేవుడి మూల. వదిన దీపం కొండెక్కిస్తుంది.)

స్టవ్ నాబ్‌లు అన్నీ ఆఫ్. దీపం, అగరొత్తులు కూడా ఆర్పేయాలి. కిటికీ తీయండి. పాత బండ మీద రెగ్యులేటర్ ఆఫ్ చేసి తీసి, దానికి మూత పెట్టేయండి.

ఇప్పుడు కొత్త బండ. తెల్ల మూతని కొంచెం నొక్కి, దారం లాగి, పైకెత్తండి. మూత పారేయకండి, ఆ దారంతోనే బండకి వేలాడనివ్వండి. ఎందుకో చివర్లో చెప్తాను.

(వాల్వ్ లోపలికి కెమెరా.)

లోపల నల్లటి రబ్బరు వాషర్ కనిపిస్తోందా? అది లేకపోయినా, చిట్లినా రెగ్యులేటర్ పెట్టొద్దు. మూత వేసి ఏజెన్సీకి ఫోన్ చేయండి.

"ఉంది ఉంది."

రెగ్యులేటర్ నాబ్ ఆఫ్‌లోనే ఉండాలి. కింది నల్ల రింగు పైకి పట్టుకుని, వాల్వ్ మీద పెట్టి, కొంచెం అటూ ఇటూ తిప్పుతూ నొక్కండి. ఇప్పుడు రింగు కిందికి దించండి.

(టక్ మని చప్పుడు.)

ఆ చప్పుడు రావాలి. రాకపోతే సరిగా కూర్చోలేదన్నమాట, తీసి మళ్లీ పెట్టండి. బలం అక్కర్లేదు.

"అయిపోయిందా? అగ్గిపుల్ల గీసి చూడనా?"

అదే వద్దు వదినా! మా అమ్మ కూడా ఇలాగే పుల్ల గీసి వాల్వ్ చుట్టూ తిప్పేది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే అదృష్టం, అంతే.

(గిన్నెలో నీళ్లు, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్. బ్రష్‌తో కలుపుతుంది.)

స్టవ్ నాబ్‌లు ఆఫ్‌లోనే ఉంచి రెగ్యులేటర్ మాత్రం ఆన్ చేయండి. రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు చివర్లా నురగ రాయండి. పది సెకన్లు చూద్దాం.

(ఎవరూ మాట్లాడరు. నురగ మీదే కెమెరా.)

బుడగ పెరగట్లేదు, బాగుంది. ఉబ్బుతుంటే లీకు ఉన్నట్టే, వెంటనే రెగ్యులేటర్ ఆఫ్ చేయాలి. పైపుకి ఐఎస్ఐ గుర్తు ఉండాలి, మామూలుగా ఐదేళ్లకి మార్చాలి. శుభ్రంగా ఉంటుందని పైపుకి గుడ్డ చుట్టే వాళ్లున్నారు. ఆ గుడ్డ కింద ఎలుక కొరికినా మనకి కనపడదు.

"మరి రాత్రి పూట వాసనొస్తే? లైటేసి చూడాలి కదా?"

చేయి ముందు స్విచ్ మీదకే పోతుంది, నాకూ అంతే. కానీ లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వద్దు. స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. ఫ్రిజ్ తలుపు ముట్టుకోవద్దు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. అందుకే పై వెంటిలేటర్ తీస్తే సరిపోదు, తలుపులు బార్లా తీయాలి.

(వదిన చీకట్లో చేసినట్టు నెమ్మదిగా చేసి చూపిస్తుంది.)

స్టవ్ నాబ్‌లు ఆఫ్. రెగ్యులేటర్ ఆఫ్. తలుపులు, కిటికీలు బార్లా. పిల్లల్ని, పెద్దవాళ్లని బయటికి పంపండి. వాసన తగ్గకపోతే రెగ్యులేటర్ తీసి ఆ తెల్ల మూత నొక్కేయండి. దాచమన్నది ఇందుకే. వాసన మరీ ఘాటుగా ఉంటే ఇవేవీ చేస్తూ కూర్చోకండి, బయటికి వచ్చేయండి. ఫోన్ కూడా బయటికి వచ్చాకే చేయండి. గ్యాస్ లీకుకి 1906. మంట కనిపిస్తే 101.

"పందొమ్మిది వందల ఆరు. ఫ్రిజ్ మీద రాసిపెడతాను."

గుమ్మం బయట రాయండి వదినా, ఆ టైములో ఫ్రిజ్ దగ్గరికి వెళ్లకూడదుగా.

(ఇద్దరూ నవ్వుతారు. నురగ తుడిచి స్టవ్ వెలిగిస్తారు, నీలం మంట.)

"ఇంక టీ పెడతాను, పంచదార ఎంత?"