టైటానిక్‌లో టికెట్ తరగతికీ, ప్రాణాలతో బయటపడటానికీ సంబంధం ఉందా? కై-స్క్వేర్ స్వతంత్రతా పరీక్ష

ఎం.ఏ. సోషియాలజీ, రెండో సెమిస్టర్
పేపర్: సామాజిక పరిశోధనా పద్ధతులు
అసైన్‌మెంట్: రెండు గుణాత్మక చలరాశుల మధ్య సంబంధాన్ని కై-స్క్వేర్ పరీక్షతో పరిశీలించి, ఫలితాన్ని సామాజికంగా వివరించండి.

సమస్య

1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొంది. తెల్లవారుజామున 2.20కి పూర్తిగా మునిగిపోయింది. ఓడలో ఉన్నది 2,200 మందికి పైగా. లైఫ్‌బోట్లు 20, వాటన్నిటిలో కలిపి పట్టేది 1,178 మంది. అంటే అందరికీ చోటు లేదు. చోటు తక్కువైనప్పుడు అది ఎవరికి దక్కుతుందన్నది సోషియాలజీ మొదటి నుంచీ అడుగుతున్న ప్రశ్న. మాక్స్ వెబర్ వర్గాన్ని మనిషికి దొరికే జీవితావకాశాలతో ముడిపెట్టి చూశాడు. ఆ మాటను మనం మామూలుగా చదువు, ఉద్యోగం, వైద్యం లాంటి వాటికి వాడతాం. టైటానిక్ లెక్కల్లో జీవితావకాశం అంటే అక్షరాలా బతికే అవకాశమే. ఈ దత్తాంశాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

శూన్య పరికల్పన (H₀): ప్రయాణికుల టికెట్ తరగతికీ, వాళ్లు బతికారా లేదా అన్నదానికీ సంబంధం లేదు. రెండూ స్వతంత్రం.

ప్రత్యామ్నాయ పరికల్పన (H₁): ఈ రెండింటికీ సంబంధం ఉంది.

సార్థకతా స్థాయి 0.05.

దత్తాంశం

ప్రమాదం తర్వాత బ్రిటన్‌లో లార్డ్ మెర్సీ ఆధ్వర్యంలో జరిగిన అధికారిక విచారణ నివేదికలోని సంఖ్యలివి. సిబ్బంది 885 మందిని వదిలేశాను. వాళ్లు టికెట్ కొని ఎక్కినవాళ్లు కాదు. పైగా కొందరిని బోట్లు నడపడానికే ఎక్కించారు. వాళ్లను నాలుగో 'తరగతి'గా కలిపితే మనం కొలుస్తున్నది వర్గమో, ఉద్యోగ బాధ్యతో తెలియకుండా పోతుంది.

పట్టిక 1: పరిశీలిత సంఖ్యలు

| తరగతి | బతికినవారు | చనిపోయినవారు | మొత్తం | బతికిన శాతం |
|---|---|---|---|---|
| మొదటి | 203 | 122 | 325 | 62.5 |
| రెండో | 118 | 167 | 285 | 41.4 |
| మూడో | 178 | 528 | 706 | 25.2 |
| మొత్తం | 499 | 817 | 1316 | 37.9 |

శాతాలు చూస్తేనే తేడా కనిపిస్తోంది. అయితే అంత తేడా యాదృచ్ఛికంగా కూడా రాగలదా అన్నది శాతాలు చెప్పవు. అందుకే పరీక్ష.

ఆశించిన సంఖ్యలు

తరగతితో సంబంధమే లేకపోతే ఏం జరిగి ఉండాలి? మొత్తం ప్రయాణికుల్లో 37.9 శాతం మంది బతికారు కాబట్టి ప్రతి తరగతిలోనూ దాదాపు అంతే శాతం బతికి ఉండాలి. ఆశించిన సంఖ్య వెనకున్న ఆలోచన ఇంతే. సూత్రం:

E = (అడ్డు వరుస మొత్తం × నిలువు వరుస మొత్తం) ÷ మొత్తం సంఖ్య

మొదటి తరగతిలో బతికినవారికి: (325 × 499) ÷ 1316 = 162175 ÷ 1316 = 123.23

మూడో తరగతిలో బతికినవారికి: (706 × 499) ÷ 1316 = 352294 ÷ 1316 = 267.70

మిగతా గడులూ ఇలాగే.

పట్టిక 2: ఆశించిన సంఖ్యలు

| తరగతి | బతికినవారు | చనిపోయినవారు | మొత్తం |
|---|---|---|---|
| మొదటి | 123.23 | 201.77 | 325 |
| రెండో | 108.07 | 176.93 | 285 |
| మూడో | 267.70 | 438.30 | 706 |
| మొత్తం | 499 | 817 | 1316 |

అడ్డంగా, నిలువుగా కూడితే పట్టిక 1లోని మొత్తాలే వచ్చాయి కాబట్టి లెక్క సరిగ్గా ఉంది. ఆశించిన సంఖ్యల్లో అతి చిన్నది 108.07. ప్రతి గడిలోనూ కనీసం 5 ఉండాలన్న షరతుకు ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు.

χ² లెక్క

χ² = Σ (O − E)² ÷ E

పట్టిక 3: గడుల వారీగా లెక్క

| గడి | O | E | O − E | (O − E)² | (O − E)² ÷ E |
|---|---|---|---|---|---|
| మొదటి, బతికినవారు | 203 | 123.23 | 79.77 | 6363.25 | 51.64 |
| మొదటి, చనిపోయినవారు | 122 | 201.77 | −79.77 | 6363.25 | 31.54 |
| రెండో, బతికినవారు | 118 | 108.07 | 9.93 | 98.60 | 0.91 |
| రెండో, చనిపోయినవారు | 167 | 176.93 | −9.93 | 98.60 | 0.56 |
| మూడో, బతికినవారు | 178 | 267.70 | −89.70 | 8046.09 | 30.06 |
| మూడో, చనిపోయినవారు | 528 | 438.30 | 89.70 | 8046.09 | 18.36 |
| మొత్తం | 1316 | 1316 | 0 | | 133.07 |

చేత్తో చేసిన ఈ లెక్కను R లో సరిచూశాను:

```
t <- matrix(c(203,118,178,122,167,528), ncol=2)
chisq.test(t)
```

వచ్చిన జవాబు X-squared = 133.05, df = 2, p-value < 2.2e-16. మధ్యలో రెండు దశాంశాలకు కుదించడం వల్లే 0.02 తేడా వచ్చింది. ఇకపై 133.05నే తీసుకుంటున్నాను.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్

df = (అడ్డు వరుసలు − 1) × (నిలువు వరుసలు − 1) = (3 − 1) × (2 − 1) = 2

సూత్రం ఒక్క లైనే కానీ, 2 ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా దాటేయడం నాకు సరి అనిపించలేదు. పట్టిక 1లో అంచున ఉన్న మొత్తాలన్నీ అలాగే ఉంచి, లోపలి ఆరు గడులను చెరిపేశామనుకుందాం. మొదటి తరగతిలో బతికినవారు 203, రెండో తరగతిలో 118 అని రాశాక ఇంకేదీ మన ఇష్టం కాదు. మూడో తరగతిలో బతికినవారు 499 − 203 − 118 = 178 అయి తీరాలి. చనిపోయినవారి గడులు మూడూ వరుసల మొత్తాల్లోంచి తీసివేస్తే వచ్చేస్తాయి. స్వేచ్ఛగా నింపగలిగినవి రెండే గడులు.

ఈ పరీక్షను 1900లో ప్రవేశపెట్టిన కార్ల్ పియర్సన్ ఇలాంటి పట్టికలకు గడుల సంఖ్యలోంచి ఒకటి మాత్రమే తీసేవాడు. ఆ పద్ధతిలో మనకు 5 వచ్చేది. అంచు మొత్తాలను కూడా దత్తాంశం నుంచే తీసుకుంటున్నాం కాబట్టి వాటినీ లెక్కలోంచి తగ్గించాలని 1922లో ఆర్. ఎ. ఫిషర్ చూపించాడు. ఇప్పుడు వాడుతున్నది ఫిషర్ సవరణే.

నిర్ణయం

df = 2 కి, 0.05 స్థాయిలో పట్టిక విలువ 5.991. 0.001 స్థాయిలో కూడా 13.816 మాత్రమే. మనకొచ్చిన 133.05 ఈ రెండింటినీ ఎంతో దాటింది కాబట్టి శూన్య పరికల్పనను తిరస్కరిస్తున్నాను.

ఫలితం: χ² (2, N = 1316) = 133.05, p < 0.001. టైటానిక్ ప్రయాణికుల్లో టికెట్ తరగతికీ, బతికి బయటపడటానికీ గణాంకపరంగా సార్థకమైన సంబంధం ఉంది.

ఇక్కడ p విలువ అర్థం జాగ్రత్తగా చెప్పాలి. ఇది నమూనా కాదు, ఆ ఓడలోని ప్రయాణికులందరి లెక్క. కాబట్టి 'నమూనా నుంచి జనాభాకు' అన్న మామూలు వాక్యం పనికిరాదు. తరగతి ఏమాత్రం చూడకుండా 499 ప్రాణాలు ఈ 1316 మందిలో ఎవరికో ఒకరికి దక్కి ఉంటే, ఇంత వంకర పంపిణీ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం దాదాపు లేదని దీని అర్థం.

సంబంధం ఉందని తేలింది సరే, ఎంత బలంగా ఉంది? N పెద్దదైతే χ² కూడా పెరుగుతుంది కాబట్టి క్రామర్ V చూడాలి: V = √(133.05 ÷ 1316) = 0.32. మధ్యస్థ స్థాయి సంబంధం. తరగతి ముఖ్యమే, కానీ అదొక్కటే అన్నీ నిర్ణయించలేదు.

పట్టిక 3 చివరి నిలువు వరుస చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. మొదటి తరగతి గడులు రెండూ కలిపి 83.18, మూడో తరగతివి 48.42. రెండో తరగతిది 1.47 మాత్రమే. మధ్య తరగతి ప్రయాణికులు మొత్తం సగటుకు దగ్గరగానే ఉన్నారు. తేడా అంతా పైమెట్టు, కిందిమెట్టు దగ్గరే ఉంది.

స్త్రీ, పురుషులను విడదీస్తే

'ముందు స్త్రీలు, పిల్లలు' అన్న ఆదేశం మీదే ఆ రాత్రి బోట్లు నింపారు. మొదటి తరగతిలో స్త్రీలు 44.6 శాతం, మూడో తరగతిలో 27.8 శాతం. అలాంటప్పుడు వర్గం అనుకుంటున్నది నిజానికి లింగ భేదమేమో అన్న అనుమానం న్యాయమైనదే. విడిగా చూశాను (బాలికలను స్త్రీలలో, బాలురను పురుషులలో కలిపాను).

పట్టిక 4: లింగం వారీగా బతికినవారు

| తరగతి | స్త్రీలు | శాతం | పురుషులు | శాతం |
|---|---|---|---|---|
| మొదటి | 145లో 141 | 97.2 | 180లో 62 | 34.4 |
| రెండో | 106లో 93 | 87.7 | 179లో 25 | 14.0 |
| మూడో | 196లో 90 | 45.9 | 510లో 88 | 17.3 |

స్త్రీలలో χ² = 126.3, పురుషులలో 29.8. రెండు చోట్లా df = 2, రెండూ 5.991 కన్నా చాలా ఎక్కువ. అనుమానం పూర్తిగా నిలబడలేదు. లింగాన్ని స్థిరంగా ఉంచినా తరగతి ప్రభావం పోలేదు. కానీ దాని రూపం మారింది. పురుషుల్లో మొదటి తరగతికి మాత్రమే మేలు కనిపిస్తోంది, రెండో తరగతి పురుషులు మూడో తరగతి కన్నా తక్కువగా బతికారు. స్త్రీలలో మెట్లు స్పష్టంగా ఉన్నాయి. మొదటి తరగతి స్త్రీలలో చనిపోయినవారు నలుగురే. మూడో తరగతి స్త్రీలలో 106 మంది. స్త్రీలకు ముందు చోటన్న నియమం ఓడ అంతటికీ ఒకటే అయినా, ఆ నియమం కాపాడగలిగింది బోట్ల దాకా చేరుకోగలిగిన స్త్రీలనే. ఈ అసైన్‌మెంట్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన సంఖ్యలు ఇవే.

ఈ పరీక్ష చెప్పలేనివి

సంబంధం ఉందని χ² చెబుతుంది, కారణం చెప్పదు. మూడో తరగతివాళ్ల పట్ల అన్యాయం జరగలేదని మెర్సీ నివేదిక తేల్చింది. వాళ్లు ఓడను వదలడానికి వెనకాడారని, సామాన్లు వదల్లేకపోయారని, వాళ్ల గదులు ఓడ రెండు కొసల్లో ఉండటంతో పైకి రావడం కష్టమైందని రాసింది. అయితే ఆ విచారణలో మూడో తరగతి ప్రయాణికుల్లో ఒక్కరినీ సాక్ష్యానికి పిలవలేదు. గదులు దూరంగా ఉండటం కూడా టికెట్ ధరతో వచ్చిన దూరమే కాబట్టి, ఎవరూ కావాలని అడ్డుకోకపోయినా దాన్ని వర్గ ప్రభావంగానే చూడాలని నా అభిప్రాయం. ఇది నా సామాజిక వివరణే తప్ప 133.05 నుంచి నేరుగా వచ్చింది కాదు.

ఇంకో పరిమితి పరీక్ష షరతుల్లోనే ఉంది. ప్రతి పరిశీలన మిగతావాటితో సంబంధం లేకుండా ఉండాలి. ఓడలో చాలామంది కుటుంబాలుగా వచ్చారు. తల్లి బోటు ఎక్కితే బిడ్డ ఎక్కుతుంది, భర్తను వదలనన్న భార్య ఆగిపోతుంది. ఒకరి ప్రాణం ఇంకొకరి నిర్ణయం మీద ఆధారపడిన చోట 1316 మందినీ 1316 స్వతంత్ర పరిశీలనలుగా లెక్కపెట్టడం కొంత అతిగానే ఉంటుంది. దానివల్ల అసలు p విలువ ఇక్కడ చూపినదానికన్నా పెద్దది కావచ్చు. అయితే 133.05కీ 5.991కీ మధ్య ఉన్న అంతరాన్ని బట్టి, నిర్ణయం తారుమారయ్యే అవకాశం నాకు కనిపించలేదు.