రిఫరల్ నోట్: కారణం తేలని ఐరన్ లోపం, ఆరు వారాలుగా నల్లటి విరేచనాలు

గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టరు గారికి,

ఈ చీటీ తెచ్చిన పేషెంటు వయసు 61, పురుషుడు. రెండు వారాల్లోపు చూడమని మనవి. ఫైళ్లు మూడున్నాయి, అందులో సగం మోకాళ్ల నొప్పుల గొడవే. ఆయనా దాని గురించే ఎక్కువ చెబుతారు. తమరికి పనికొచ్చేది ఇది:

ముఖ్య లక్షణాలు: మెట్లెక్కితే ఆయాసం, నీరసం, తారులాంటి నల్లటి విరేచనం (ఆరు వారాల్లో నాలుగుసార్లు), ఐదు నెలల్లో బరువు 71 నుంచి 65 కిలోలకు తగ్గడం. తిండి తగ్గించలేదు. వాంతులు, మింగడంలో ఇబ్బంది, ఛాతీనొప్పి లేవు.

ఎప్పుడు ఏం జరిగింది:
14 నెలల కిందట హిమోగ్లోబిన్ 12.8. అప్పటినుంచే మోకాళ్లకు డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. సొంతంగా కొనుక్కుని రోజూ ఒకటి, నొప్పి ఎక్కువైన రోజు రెండు వేసుకున్నారు.
8 నెలల కిందట హిమోగ్లోబిన్ 10.1. వేరేచోట రెండు నెలలు ఐరన్ మాత్రలు ఇచ్చారు, 11.2కు వచ్చింది, ఆపేశారు. రక్తం ఎటు పోతోందో ఎవరూ వెతకలేదు.
3 నెలల కిందట ఆయాసం మొదలైంది. ఈసీజీ, ఎకో నార్మల్.
10 రోజుల కిందట మా దగ్గరికి వచ్చారు. హిమోగ్లోబిన్ 7.9, ఎంసీవీ 68, ఫెరిటిన్ 7. బి12 నార్మల్, క్రియాటినిన్ 1.2. పల్స్ 96, బీపీ 118/70. పొట్ట మెత్తగా ఉంది, గడ్డలేవీ చేతికి తగల్లేదు.

నల్లటి విరేచనాలు మొదలైనప్పుడు ఆయన ఐరన్ వాడటం లేదు. ఇప్పుడు వాడుతున్నారు కాబట్టి ఇకమీదట రంగును నమ్మలేం.

ప్రస్తుతం వాడుతున్నవి: మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండుపూటలా (షుగర్ 12 ఏళ్లుగా), టెల్మిసార్టన్ 40 ఉదయం, అటార్వాస్టాటిన్ 10 రాత్రి. నేను మొదలుపెట్టినవి: పాంటోప్రజోల్ 40 పరగడుపున, ఫెర్రస్ సల్ఫేట్ 200 రోజుకొకటి, మోకాళ్లకు అవసరమైతే పారాసెటమాల్ 500.
నేను ఆపించినవి: డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ 75. ఆస్పిరిన్ నాలుగేళ్లుగా వేసుకుంటున్నారు గానీ గుండెపోటు, స్టెంటు, పక్షవాతం ఏవీ లేవు.
పడనివి: సల్ఫా మందుతో ఒకసారి ఒళ్లంతా దద్దుర్లు.

గంటసేపు మాట్లాడి, లేచి తలుపు దాకా వెళ్లాక చెప్పిన మాట: సొంత అన్నగారికి 54 ఏళ్లకు పెద్దపేగు క్యాన్సర్.

అందుకే నా కోరిక: ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేయండి. డైక్లోఫెనాక్ కథ విన్నాక పైన అల్సర్ కనిపిస్తే అక్కడితో ఆగాలనిపిస్తుంది. బరువు తగ్గడం, అన్నగారి సంగతి చూస్తే కింద కూడా చూడాల్సిందే. కొలనోస్కోపీ తేదీ ముందే చెబితే వారం ముందు ఐరన్ ఆపిస్తాను.

ఆయాసం పెరిగినా, కళ్లు తిరిగినా, మళ్లీ నల్లగా పలచగా విరేచనమైనా తేదీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లమని ఆయనకూ, భార్యకూ చెప్పాను. రిపోర్టుల కాపీలు జతచేశాను.

ఇట్లు,
జనరల్ ఫిజీషియన్