నల్లగొండ మహిళా వసతి గృహం (స్టిల్ట్ + 4 అంతస్తులు): భూకంప డిజైన్ ఆధార నివేదిక

భవనం

కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తుల గదులు. ప్లాన్ 24 మీ. × 18 మీ.; స్థలం వంకరగా ఉండటంతో ఈశాన్య మూలలో 6 మీ. × 6 మీ. ముక్క తగ్గి 'ఎల్' ఆకారం వచ్చింది. నేల నుంచి టెర్రస్ వరకు ఎత్తు 15.8 మీ. కాంక్రీటు ఎం25, స్టీలు ఎఫ్‌ఈ 500డి. లెక్కలన్నీ భారత భూకంప కోడ్ ఐఎస్ 1893 (భాగం 1): 2016 ప్రకారం. గాలి లెక్క విడిగా ఇచ్చాం.

జోన్

ఆ కోడ్ మ్యాపులో నల్లగొండ జోన్ 2లో ఉంది కాబట్టి జోన్ గుణకం Z = 0.10. "మన దగ్గర భూకంపాలు ఎక్కడివి సార్?" అని యజమాని మొదటి మీటింగ్‌లోనే అడిగారు. 1993 సెప్టెంబరు 30న భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారి నేలమట్టమైనప్పుడు ఆ ప్రాంతం అప్పటి మ్యాపులో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లోనే ఉంది. 2002 సవరణలో ఆ జోన్‌నే తీసేసి రెండో దాంట్లో కలిపారు. అందుకే జోన్ 2 అంటే ప్రమాదం లేదని కాదు, తక్కువ అని మాత్రమే తీసుకున్నాం.

గుంతల్లో మీటరున్నర ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద గట్టి గ్రానైటు తగిలాయి. పునాదులు ఆ రాతి మీదే కూర్చుంటాయి కాబట్టి నేల టైప్ 1. ఉండేవాళ్లు 200 మందికి పైనే కాబట్టి భవన ప్రాముఖ్య గుణకం I = 1.2.

ఆర్ విలువ ఎందుకు 3

ఈ నివేదికలో ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. ఆర్ అంటే భవనం తెగకుండా వంగి తట్టుకునే శక్తిని బట్టి లెక్కలో భూకంప బలాన్ని తగ్గించే విలువ. ఆర్ 5 తీసుకుంటే భూకంప బలం తగ్గి స్టీలు మిగులుతుంది. కానీ ఆ 5 ఊరికే రాదు. ఐఎస్ 13920 చెప్పిన డక్టైల్ డిటెయిలింగ్, అంటే ఫ్రేము తెగకుండా వంగేలా స్టీలు అమర్చే తీరు, ప్రతి జాయింట్‌లోనూ ఉండాలి, అప్పుడే ఆ విలువకు అర్హత. జోన్ 2లో ఆ కోడ్ ఐచ్ఛికం. రోజూ సైటులో నిలబడి రింగుల కొక్కేలు 135 డిగ్రీలు వంచారో లేదో చూసే మనిషి ఈ పనికి లేడు. అందుకే సాధారణ ఫ్రేము, సాధారణ కాంక్రీటు గోడల లెక్కన R = 3.

ఇటుక గోడలున్న ఫ్రేము ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే కాలవ్యవధి Ta, భవనం బరువులో ఎంత వంతు పక్క బలంగా వస్తుందో చెప్పే Ah:

```
Ta = 0.09 h / √d
X: 0.09 × 15.8 / √24 = 0.29 s
Y: 0.09 × 15.8 / √18 = 0.34 s
Ah = (Z/2)(I/R)(Sa/g) = 0.05 × (1.2/3) × 2.5 = 0.05
```

రెండు దిశల్లోనూ 0.40 సెకన్ల లోపే కాబట్టి నేల కదలికకు భవనం స్పందన Sa/g = 2.5. భూకంప లెక్కకు తీసుకున్న భవనం బరువు సుమారు 24,200 కి.న్యూ., బేస్ షియర్, అంటే భవనం అడుగున వచ్చే మొత్తం పక్క బలం, 1,210 కి.న్యూ. ఆర్ 5 అయితే ఇది 726కి పడిపోయేది. తేడా చిన్నది కాదు, తెలిసే వదులుకున్నాం. అయినా స్టిల్ట్ కాలమ్‌లలోనూ, బీము కాలమ్ కలిసేచోటా రింగులు దగ్గరగా, 135 డిగ్రీల కొక్కేలతో డ్రాయింగులో చూపించాం. లెక్కలో దానికి లాభం తీసుకోలేదు.

క్రమరాహిత్యాలు

అసలు చిక్కు స్టిల్టే. పైన గోడలు, కింద ఖాళీ. గోడలను వాలు స్ట్రట్లుగా పెట్టి చూస్తే, కింది అంతస్తు దృఢత్వం పైదానిలో 0.52 మాత్రమే వచ్చింది. పైదానికంటే తక్కువైతే కోడ్ లెక్కలో అది సాఫ్ట్ స్టోరీ. లిఫ్టు చుట్టూ, మెట్ల పక్కన 200 మి.మీ. కాంక్రీటు గోడలు పునాది నుంచి టెర్రస్ దాకా పెట్టి, స్టిల్ట్ కాలమ్‌లు పెద్దవి చేశాక అది 1.04 అయింది.

'ఎల్' మూలలో కోత ఒకవైపు 25 శాతం, ఇంకోవైపు 33 శాతం. పరిమితి 15. ఇంత చిన్న భవనాన్ని జాయింట్‌తో రెండు ముక్కలు చేయడం అనవసరం అనిపించింది. ఆ మూల చుట్టూ స్లాబులో అదనపు స్టీలు ఇచ్చాం. గోడలన్నీ లిఫ్టు వైపే ఉన్నప్పుడు భవనం ఎంత మెలి తిరుగుతుందో చూపే నిష్పత్తి 1.83, ఒక గోడను పడమటి చివరికి జరిపాక 1.42కి దిగింది, పరిమితి 1.5. పునాది దాకా దిగకుండా బీము మీద నిలిచే ఫ్లోటింగ్ కాలమ్‌లు లేవు. 20,000 లీటర్ల ట్యాంకు లిఫ్టు గోడల మీదే ఉంటుంది.

ఎత్తు 15 మీటర్లు దాటింది, ఆకారమూ క్రమంగా లేదు. కాబట్టి స్టాటిక్ పద్ధతి సరిపోదు. బలం కేంద్రం నుంచి 5 శాతం పక్కకు జరిగినట్టు అదనపు ఎక్సెంట్రిసిటీ పెట్టి, భవనం ఊగే తీరును లెక్కించే రెస్పాన్స్ స్పెక్ట్రమ్ పద్ధతి చేశాం. బేస్ షియర్‌ను పై 1,210కి పెంచి సరిచేశాం. కాంక్రీటు పగుళ్లను దృష్టిలో పెట్టుకుని దృఢత్వంలో బీములకు 0.35 వంతు, కాలమ్‌లకు 0.70 వంతు మాత్రమే తీసుకున్నాం. అంతస్తుల మధ్య కదలిక గరిష్ఠంగా 5.1 మి.మీ.; 3.2 మీ. ఎత్తుకు 12.8 వరకు ఒప్పుకుంటారు.

సైటులో మారకూడనివి

వాచ్‌మన్ గది కోసం స్టిల్ట్‌లో రెండు కాలమ్‌ల మధ్య నడుమెత్తు గోడ కట్టి పైన వెంటిలేటర్ వదలాలని అడిగారు. అలా కడితే కాలమ్‌లో పై ముక్క మాత్రమే ఊగి, పొట్టి కాలమ్‌లా అక్కడే తెగుతుంది. గోడ తప్పదంటే కాలమ్‌కు రెండు వైపులా 20 మి.మీ. వదిలి మెత్తని ఫిల్లర్ పెట్టాలి. స్టిల్ట్‌లో కొత్త గోడ, పైన ఇంకో అంతస్తు, కాంక్రీటు గోడకు కొత్త తలుపు, వీటిలో ఏది అనుకున్నా పని మొదలుపెట్టక ముందే మాకు చెప్పాలి. ఈ లెక్క మళ్లీ చేయాల్సి ఉంటుంది.