హ్యాండోవర్ నోట్: ఫిమేల్ సర్జికల్ వార్డు, బెడ్ 14, ఈవెనింగ్ నుంచి నైట్ డ్యూటీకి

తేదీ 12-11-2024, రాత్రి 7:50

పేషెంట్: రమణమ్మ, 58 ఏళ్లు, బరువు 56 కిలోలు, బ్లడ్ గ్రూప్ బి పాజిటివ్. షుగర్ ఉంది.

బెడ్ 11లో ఉన్నావిడ పేరు కూడా రమణమ్మే. మందు ఇచ్చే ముందు, శాంపిల్ తీసే ముందు చేతి బ్యాండ్ మీద ఐపీ నంబరు చూడండి. పేరు పిలిస్తే ఇద్దరూ పలుకుతారు.

అలర్జీ: పెన్సిలిన్. ఇదివరకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదాలు వాచాయట. కేస్ షీట్ మీద ఎర్ర స్టిక్కర్ అంటించాను.

ఇవ్వకూడనివి: డైక్లోఫినాక్ గానీ, ఆ రకం నొప్పి ఇంజెక్షన్ మరేదైనా గానీ వద్దు. మోకాళ్ల నొప్పులకని నెలల తరబడి మెడికల్ షాపులో కొనుక్కుని ఆ మాత్రలే వేసుకున్నారు. పుండు పడి చిల్లు పడిందని సర్జన్ గారు రాశారు. మన వార్డులో నొప్పి అనగానే చేయి ముందు ఆ ఇంజెక్షన్ మీదికే పోతుంది, అందుకే డ్రగ్ చార్టు పైన కూడా పెద్ద అక్షరాల్లో రాశాను.

ఇప్పుడు ముందుగా చూడాల్సింది

సిస్టర్, మిగతాది తర్వాత చదివినా ఫర్వాలేదు, ఇది మాత్రం ముందు చూడండి. సాయంత్రం నుంచి పల్స్ పెరుగుతోంది, బీపీ దిగుతోంది, యూరిన్ తగ్గుతోంది.

సాయంత్రం 4 గంటలకు: పల్స్ 92, బీపీ 118/76
6 గంటలకు: పల్స్ 98, బీపీ 112/70
7:30కి: పల్స్ 106, బీపీ 104/66, శ్వాస 20, ఆక్సిజన్ లేకుండా సాచురేషన్ 96, టెంపరేచర్ 100.2

యూరిన్ 4 నుంచి 5 వరకు 45 మి.లీ., 5 నుంచి 6 వరకు 36, 6 నుంచి 7 వరకు 22. ఆవిడ బరువుకి గంటకు కనీసం 28 రావాలి. 7 నుంచి ఇప్పటివరకు 15. కేథటర్ మడత పడలేదు, బ్యాగు కిందే ఉంది, పొత్తికడుపు ఉబ్బుగా లేదు. అంటే ట్యూబులో అడ్డు లేదు, తయారయ్యేదే తక్కువగా ఉంది.

7:35కి డ్యూటీ సర్జన్‌కి ఫోన్ చేశాను. వచ్చి చూశారు, కడుపు మెత్తగా ఉందన్నారు. రింగర్ లాక్టేట్ 500 మి.లీ. అరగంటలో ఎక్కించమన్నారు. 7:45కి మొదలుపెట్టాను, 8:15కి అయిపోవాలి. అవగానే పల్స్, బీపీ చూసి, అక్కడి నుంచి రెండు గంటల పాటు 15 నిమిషాలకోసారి చూడమన్నారు. యూరిన్ గంట గంటకీ కొలవాలి.

నా అంచనా అయితే ఫ్లూయిడ్ చాలట్లేదు. ఓటీ నుంచి వచ్చాక ఈ బోలస్ కాకుండా ఎక్కింది 650. రైల్స్ ట్యూబ్, డ్రెయిన్లు, యూరిన్ కలిపి పోయింది 750. కానీ లోపల బ్లీడింగ్ గానీ, కుట్టిన చోట లీకేజీ గానీ మొదలైనా ముందు ఇలాగే కనిపిస్తుంది. కాబట్టి బోలస్ అయ్యాక కూడా కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే డ్యూటీ సర్జన్‌ని పిలవండి:

- పల్స్ 110 దాటినా, పై బీపీ 100 కన్నా తగ్గినా
- గంట యూరిన్ 28 రాకపోయినా
- డ్రెయిన్‌లో ఎర్రటి రక్తం గానీ, పచ్చటి పైత్యం గానీ కనిపించినా
- కడుపు గట్టిపడినా, నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా
- మాట తికమకగా ఉన్నా, సాచురేషన్ 94 కన్నా తగ్గినా

బ్లడ్ బ్యాంకులో ఒక యూనిట్ రిజర్వ్‌లో ఉంది. సీబీసీ, క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్ 7:40కి పంపాను. 9కల్లా రిపోర్టు రాకపోతే ల్యాబ్‌కి మీరే ఫోన్ చేయండి. ఆపరేషన్‌కి ముందు హిమోగ్లోబిన్ 10.8, క్రియాటినిన్ 1.1. వాటితో పోల్చి డాక్టర్‌కి చెప్పండి.

ఆపరేషన్

డుయోడినం ముందు గోడకు చిల్లు. ఎమర్జెన్సీ లాపరాటమీ చేసి, చిల్లు మీద ఒమెంటం ప్యాచ్ వేసి కుట్టారు, కడుపు కడిగారు. జనరల్ అనస్తీషియా. రక్తం పోయింది సుమారు 150 మి.లీ. మధ్యాహ్నం 1:15కి వార్డుకి వచ్చారు. ఇప్పుడు పూర్తిగా మెలకువగా ఉన్నారు, అడిగినదానికి సరిగ్గా జవాబిస్తున్నారు.

ట్యూబులు, కట్టు

రైల్స్ ట్యూబ్: ముక్కు దగ్గర 55 సెం.మీ. గుర్తు మీద ప్లాస్టర్ వేశాను. బ్యాగుకి ఫ్రీగా వదిలాం, రెండు గంటలకోసారి ఆస్పిరేట్ చేయాలి, తర్వాతిది 9కి. ఇప్పటికి 380, లేత ఆకుపచ్చ. గొంతులో గుచ్చుకుంటోందని రెండుసార్లు చేయి పెట్టి లాగబోయారు. ఒకవేళ ఊడి వస్తే మనం తిరిగి వేయకూడదు. ప్యాచ్ వేసిన చోటుకి తగులుతుంది, సర్జన్ వచ్చే దాకా ఆగాలి.

డ్రెయిన్లు: కుడి పక్కది 80, పెల్విస్‌ది 40. రెండూ పల్చగా, లేత గులాబీ రంగులో ఉన్నాయి. బ్యాగుల మీద 7:30 గీత గీశాను.

కట్టు: మధ్యలో రూపాయి బిళ్లంత తడి మరక. 5 గంటలకు దాని చుట్టూ పెన్నుతో గీశాను, 7:30 దాకా గీత దాటలేదు.

ఐవీ: ఎడమ ముంజేతికి 18, బోలస్ దాంట్లోనే వెళ్తోంది. కుడి చేతి పాత కాన్యులా ఎర్రబడితే తీసేసి, 7:10కి ముంజేతికి కొత్త 20 వేశాను.

మందులు

పారాసెటమాల్ 1 గ్రా. 5 గంటలకు ఇచ్చాను, తర్వాతిది రాత్రి 11కి.
ట్రమడాల్ 50 మి.గ్రా., ఆన్‌డాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. 6:30కి ఇచ్చాను. ట్రమడాల్ మళ్లీ 12:30కి ముందు వద్దు. ఇచ్చే ముందు మత్తు, శ్వాస చూడండి.
మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. 6కి ఇచ్చాను, తర్వాతిది 2కి.
సిప్రోఫ్లాక్ససిన్ రాత్రి 10కి ఉంది, గంట సేపు నెమ్మదిగా.
పాంటాప్రజోల్ 40 మి.గ్రా. 6కి ఇచ్చాను, తర్వాతిది ఉదయం 6కి.
రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఈ రాత్రికి లేదు. రేపు రౌండ్స్‌లో చెప్తామన్నారు.

షుగర్ 6 గంటలకు 212, ఆర్డర్ ప్రకారం రెగ్యులర్ ఇన్సులిన్ 4 యూనిట్లు ఇచ్చాను. మళ్లీ రాత్రి 12కి, ఉదయం 6కి చూడాలి. నోటికి ఏమీ లేదు కాబట్టి చెమటలు, వణుకు, మగత కనిపిస్తే టైమ్ కోసం చూడకుండా అప్పుడే చెక్ చేయండి. 70 కన్నా తక్కువుంటే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. 25 శాతం డెక్స్‌ట్రోజ్ ట్రేలో పెట్టాను.

నొప్పి పడుకుని ఉంటే 10కి 3, దగ్గితే 6. దగ్గుకి భయపడి శ్వాస పైపైనే తీసుకుంటున్నారు. కట్టు మీద దిండు ఆనించి పట్టుకోమని చూపించాక స్పైరోమీటర్‌లో ఒక బంతి లేపారు. మెలకువగా ఉన్నప్పుడల్లా చేయించండి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి.

నోటికి ఏమీ ఇవ్వకూడదు, చుక్క నీళ్లు కూడా

ఆవిడ దాహం దాహం అంటున్నారు. 6 గంటలకు కొడుకు కొబ్బరి బోండాం తెచ్చి స్ట్రా పెట్టబోతుంటే ఆపాను. అమ్మ అడుగుతుంటే చూడలేకపోతున్నాడు, కోపగించుకోకండి. కుట్టిన చోటు ఆరాలని, ఇప్పుడు తాగితే అది మళ్లీ లీకవుతుందని చెప్తే అర్థం చేసుకున్నాడు. రాత్రికి ఉండేది కోడలు, ఆమెకి ఈ విషయం ఇంకా చెప్పలేదు. మీరు వెళ్లగానే చెప్పండి. తడి గాజుగుడ్డతో పెదాలు తుడవచ్చు, దాంతో ఆవిడకి చాలా హాయిగా ఉంది.

ఆరోగ్యశ్రీ కాగితాల కోసం ఆరోగ్యమిత్ర రేపు ఉదయం వస్తారు. రాత్రికి పనేమీ లేదు.

బెడ్ దగ్గర

బోలస్, డ్రెయిన్ గీతలు, కట్టు మీద గీత, చేతి బ్యాండ్ ఇద్దరం కలిసి చూశాకే నేను బయల్దేరతాను. డాక్టర్‌ని ఎప్పుడు పిలవాలో మీ నోటితో ఒకసారి నాకు చెప్పండి. 8:15 బీపీ ఇద్దరం కలిసే చూద్దాం.

సుజాత, స్టాఫ్ నర్స్, ఈవెనింగ్ డ్యూటీ